ఒక బలమైన కైనెసిన్, పలు బలహీన డైనీన్లు: కణాంతర రవాణాలో దిశానిర్ణయం

వ్యాససంగ్రహం:
కణంలోని సరకులను సూక్ష్మనాళికల వెంట మోసే చోదక ప్రొటీన్లలో కైనెసిన్ ఒంటరిగానే బలమైనది. క్షీరదాల డైనీన్ ఒంటరిగా బలహీనమైనది. అయినా ఒకే సరకుపై ఈ రెండూ ఉన్నప్పుడు డైనీన్ పక్షం నెగ్గే సందర్భాలు చాలా ఉన్నాయి. బలహీనమైన చోదకాలు బలమైనదాన్ని ఏ యంత్రాంగంతో మించుతున్నాయో స్థూలభక్షక కణంలోని ఫాగోసోమ్ ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ యంత్రాంగాన్ని కాలా అజార్ పరాన్నజీవి ఎక్కడ దెబ్బతీస్తుందో, ఈ వివరణకు ఉన్న హద్దులు ఏమిటో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: సూక్ష్మనాళిక, కైనెసిన్, డైనీన్, ఫాగోసోమ్, కాంతి పటకారు, లీష్మానియా.

1. ఉపోద్ఘాతం

కణంలో ఒక వస్తువు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరాలంటే వ్యాపనం చాలదా అన్నది న్యాయమైన ప్రశ్న. చిన్న అణువులకు, తక్కువ దూరాలకు అది చాలు. నూరు నానోమీటర్ల వ్యాసం గల ఒక పొరసంచిని తీసుకుందాం. స్వచ్ఛమైన నీటిలోనైనా దాని వ్యాపన గుణకం సెకనుకు సుమారు 4 చదరపు మైక్రోమీటర్లు మాత్రమే. వ్యాపనకాలం దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కాబట్టి ఆ సంచి ఒక మైక్రోమీటరు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు చాలు. వెన్నుపాము నుంచి పాదం వరకు సాగే ఒక మీటరు పొడవైన నాడీతంతువును దాటడానికి మాత్రం మూడున్నర వేల సంవత్సరాలకు పైగా పడుతుంది. నిజమైన కణద్రవ్యం నీటికంటే చాలా చిక్కనిది కనుక అసలు కాలం ఇంకా ఎక్కువే. అదే సంచి సెకనుకు ఒక మైక్రోమీటరు చొప్పున ఒకే దిశలో నడిస్తే పన్నెండు రోజులలో గమ్యం చేరుతుంది.

ఆ నడకకు దారి సూక్ష్మనాళిక. నడిచేవి కైనెసిన్, డైనీన్ అనే చోదక ప్రొటీన్లు. పాఠ్యగ్రంథాలు సాధారణంగా కైనెసిన్ ఒకవైపుకు, డైనీన్ మరోవైపుకు నడుస్తాయని చెప్పి ముగిస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కణంలోని అనేక సరకులపై రెండు రకాల చోదకాలూ ఏకకాలంలో అతుక్కొని ఉంటాయి. అటువంటప్పుడు సరకు ఎటు పోవాలో నిర్ణయించేది ఏది?

2. దారికి ఉన్న దిశ

సూక్ష్మనాళిక సుమారు 25 నానోమీటర్ల బయటి వ్యాసం గల బోలు గొట్టం. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్‌ల జంట దీని ఇటుక. ఒక్కో జంట పొడవు 8 నానోమీటర్లు. ఈ జంటలు తలకు తోకగా పేరుకొని ఒక పోగు అవుతాయి. కణాలలో సాధారణంగా అటువంటి పదమూడు పోగులు పక్కపక్కన చేరి గొట్టం ఏర్పడుతుంది. ప్రతి జంటా ఒకే వరుసలో, అంటే ఆల్ఫా ఒకవైపు, బీటా మరొకవైపు ఉండేలా కూర్చబడుతుంది. అందువల్ల గొట్టం రెండు కొనలూ ఒకటి కావు. బీటా బయటికి కనిపించే కొనను ధనాగ్రమని, ఆల్ఫా కనిపించే కొనను ఋణాగ్రమని అంటారు. విద్యుదావేశంతో ఈ పేర్లకు సంబంధం లేదు. ధనాగ్రం వేగంగా పెరిగే కొన అని మాత్రమే అర్థం.

స్థూలభక్షక కణంలో ఋణాగ్రాలు చాలావరకు కేంద్రకం చెంతన ఉన్న సూక్ష్మనాళికా కేంద్రం వద్ద గుమిగూడి ఉంటాయి. ధనాగ్రాలు కణం అంచు వైపు విస్తరిస్తాయి. నాడీతంతువులో ధనాగ్రాలన్నీ తంతువు కొనవైపు చూస్తాయి. కనుక సరకు కేంద్రకం వైపు వచ్చిందంటే అది డైనీన్ పని అని, అంచుకు పోయిందంటే కైనెసిన్ పని అని స్థూలంగా నిర్ధారించవచ్చు. కైనెసిన్ కుటుంబంలోనే ఋణాగ్రం వైపు నడిచే సభ్యులు కొన్ని ఉన్నాయన్న సంగతిని మరువకుండా ఈ సూత్రాన్ని వాడుకోవాలి.

3. కైనెసిన్: ఒంటరి బలశాలి

స్క్విడ్ అనే సముద్రజీవి శరీరంలోని బృహత్ నాడీతంతువును పరిశీలిస్తూ రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైఖేల్ షీట్జ్ 1985లో కైనెసిన్‌ను వేరుచేశారు. దీనికి రెండు తలలు, ఒక పొడవైన కాడ, సరకును పట్టుకొనే తోక ఉంటాయి. తలలే దారిపై అడుగులు వేసే పాదాలు కావడం తెలుగులో వినడానికి కాస్త వింతగానే ఉంటుంది. అయినా శాస్త్రవాఙ్మయంలో స్థిరపడిన మాట కనుక దానినే ఇక్కడ వాడుతున్నాను.

ఒక తల ట్యూబ్యులిన్ జంటను గట్టిగా పట్టుకొని నిలిచి ఉండగా దానిలోకి ఒక ఏటీపీ అణువు చేరుతుంది. దానితో తలను కాడకు కలిపే చిన్న ప్రొటీన్ పట్టీ ముందుకు ముడుచుకొని తలకు అతుక్కుంటుంది. ఆ కదలికతో వెనుకనున్న రెండో తల ముందుకు విసరబడి, 16 నానోమీటర్లు దాటి తరువాతి స్థానంలో దిగుతుంది. ఇప్పుడు వెనుకబడిన మొదటి తల ఏటీపీని విడగొట్టి, ఫాస్ఫేటును వదిలి, దారి నుంచి ఊడుతుంది. మళ్ళీ అదే వరుస. తల 16 నానోమీటర్లు కదిలినా రెండు తలల నడిమి బిందువు కదిలేది 8 నానోమీటర్లే. సరకు కూడా అంతే కదులుతుంది. కారెల్ స్వొబోద, స్టీవెన్ బ్లాక్ తదితరులు 1993లో ఈ 8 నానోమీటర్ల అడుగును నేరుగా కొలిచారు. తలలు మనిషి కాళ్ళవలె ఒకదాని తరువాత ఒకటి ముందుకు వస్తాయని అహ్మెత్ యిల్దిజ్ తదితరుల 2004 నాటి ప్రయోగం స్పష్టం చేసింది.

అడుగుకు ఒక ఏటీపీ చొప్పున ఖర్చుచేస్తూ, దారి వదలకుండా, సుమారు నూరు అడుగులు, అంటే ఒక మైక్రోమీటరుకు అటూఇటూగా కైనెసిన్ నడుస్తుంది. దానిని వెనక్కు లాగితే 5 నుంచి 7 పికోన్యూటన్‌ల బలం వద్ద ఆగిపోతుంది. ఆ స్థితిలో ఒక అడుగుకు చేసే పని 8 నానోమీటర్లను 6 పికోన్యూటన్‌లతో గుణించగా వచ్చే 48 పికోన్యూటన్-నానోమీటర్లు. కణంలో ఒక ఏటీపీ ఇచ్చే శక్తి 80 నుంచి 100 వరకు ఉంటుంది. అంటే దాదాపు సగం శక్తి పనిగా మారుతోంది.

4. డైనీన్: తూలుతూ నడిచేది

డైనీన్ నిర్మాణం పూర్తిగా వేరు. దీని ప్రధాన గొలుసే సుమారు అయిదు లక్షల డాల్టన్ల బరువు ఉంటుంది. ఏటీపీని వాడుకొనే భాగం ఆరు ఖండాల వలయం. దారిని పట్టుకొనే భాగం ఆ వలయంలో లేదు. వలయం నుంచి పొడుచుకు వచ్చిన సన్నని కాడ చివర, చాలా దూరంలో ఉంటుంది. వలయంలో ఏటీపీ చేరిందన్న వార్త కాడలోని రెండు చుట్టల పరస్పర జారుడు ద్వారా కొనకు చేరాలి. అప్పుడే పట్టు వదలడమో, బిగియడమో జరుగుతుంది. ఇంత పొడవైన సంధానం వల్ల కాబోలు, దీని నడకలో కైనెసిన్ క్రమశిక్షణ కనిపించదు. అడుగు ఒకసారి 8, మరొకసారి 16, 24 లేదా 32 నానోమీటర్లు. పక్క పోగుమీదికి జరగడం, వెనక్కు అడుగు వేయడం కూడా మామూలే.

రూప్ మల్లిక్, స్టీవెన్ గ్రాస్ తదితరులు 2004లో క్షీరద డైనీన్‌ను ఒంటరిగా పరీక్షించినప్పుడు అది సుమారు 1.1 పికోన్యూటన్ వద్దనే ఆగిపోయింది. కైనెసిన్ బలంలో ఇది అయిదో వంతు మాత్రమే. అదే ప్రయోగం మరొక విశేషాన్ని చూపింది. బరువు లేనప్పుడు పెద్ద అడుగులు వేసిన డైనీన్ బరువు పెరిగేకొద్దీ అడుగును కుదించుకొని చివరకు 8 నానోమీటర్లకు వచ్చింది. ఎత్తు ఎక్కే వాహనం గేరు మార్చినట్లు ఉందని ఆ పరిశోధకులే దీనిని పోల్చారు. ఈ గేరు ఒంటరి డైనీన్‌కు పెద్దగా ఉపయోగపడినట్లు కనిపించదు. దాని అసలు ప్రయోజనం జట్టులో బయటపడుతుంది.

5. కణం లోపల బలాన్ని కొలవడం

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మల్లిక్ బృందం ఎంచుకొన్న సరకు ఫాగోసోమ్. స్థూలభక్షక కణం ఒక సూక్ష్మజీవిని మింగినప్పుడు దాని చుట్టూ ఏర్పడే పొరసంచి ఇది. సూక్ష్మజీవికి బదులు లేటెక్స్ పూసను మింగిస్తే ఫాగోసోమ్ నిండుగా, గుండ్రంగా ఉంటుంది. ఆ పూస చుట్టూ ఉన్న కణద్రవ్యం కంటే కాంతిని ఎక్కువగా వంచుతుంది. కనుక దానిని కాంతి పటకారుతో, అంటే సూటిగా కేంద్రీకరించిన లేజరు కిరణంతో కణం లోపలే పట్టుకోవచ్చు.

కాంతి పటకారు ఒక స్ప్రింగు వంటిది. దాని బిగువు నానోమీటరుకు 0.05 పికోన్యూటన్ అనుకొంటే, పూస కేంద్రం నుంచి 100 నానోమీటర్లు జరిగి ఆగిందంటే దానిని లాగుతున్న బలం 5 పికోన్యూటన్‌లు. నమోదైన రేఖలో పూస క్రమంగా కేంద్రం నుంచి దూరమవుతుంది, కొద్దిసేపు ఒకే మట్టాన నిలుస్తుంది, ఆ తరువాత ఒక్కసారిగా కేంద్రానికి తిరిగి వచ్చేస్తుంది. ఆ మట్టమే చోదకాలు ఆగిన బలం. ఆ తిరిగి రావడం వాటి పట్టు ఊడిన క్షణం. మట్టం లేకుండానే పూస తిరిగివచ్చిన నమూనాలను లెక్కలోకి తీసుకోరాదు. అక్కడ చోదకం తన గరిష్ఠ బలానికి చేరకముందే ఊడిపోయి ఉండవచ్చు.

2013లో ప్రచురితమైన ఈ కొలతలలో ఒక విరుద్ధత బయటపడింది. బలమైన కైనెసిన్‌లు కలసి పనిచేయడంలో విఫలమయ్యాయి. ఒకటికి మించి కైనెసిన్‌లు ఉన్నా వాటి బలాలు కూడలేదు. బలహీనమైన డైనీన్‌ల విషయంలో మాత్రం సంఖ్య పెరిగేకొద్దీ జట్టు బలమూ, పట్టు నిలిచే కాలమూ అదే నిష్పత్తిలో పెరిగాయి.

దీనికి ఆ బృందం ఇచ్చిన వివరణలో రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది గేరుకు సంబంధించినది. జట్టులో ముందున్న డైనీన్‌పై బరువు ఎక్కువ పడుతుంది. కనుక అది చిన్న అడుగులు వేస్తుంది. వెనుకనున్నదానిపై బరువు తక్కువ కాబట్టి పెద్ద అడుగులు వేసి ముందున్నదానిని అందుకొంటుంది. ఆ విధంగా జట్టు అంతా దగ్గరగా చేరి బరువును పంచుకొంటుంది. కైనెసిన్‌కు ఈ వెసులుబాటు లేదు. బరువు ఉన్నా లేకున్నా దాని అడుగు 8 నానోమీటర్లే. వెనుకబడినది వెనుకబడే ఉండగా ముందున్నది మొత్తం బరువును ఒంటరిగా మోసి ఊడిపోతుంది. అప్పుడు బరువంతా రెండోదానిపై పడుతుంది.

రెండో మెట్టు పట్టుకు సంబంధించినది. కైనెసిన్‌ను గట్టిగా లాగేకొద్దీ అది త్వరగా ఊడుతుంది. మామూలు బంధాలన్నీ అటువంటివే. డైనీన్ కూడా తక్కువ బలాల వద్ద అలాగే ప్రవర్తిస్తుంది. కానీ తాను ఆగే బలాన్ని మించి లాగినప్పుడు అది వెంటనే ఊడదు, మరింత సేపు పట్టుకొని ఉంటుంది. జీవభౌతికశాస్త్రంలో ‘క్యాచ్ బంధం’గా పిలిచే దీనిని ఉరిముడితో పోల్చవచ్చు. లాగేకొద్దీ బిగిసే ముడి అది. ముందుకు నడవలేకపోయినా పట్టు వదలని చోదకం ఎదురుపక్షం అలసేవరకు నిలుస్తుంది.

6. సంఖ్య ఒక్కటే చాలదు: ఒక లెక్క

చలిచీమలు పామును చంపిన సామ్యం తెలుగు పాఠకులకు వెంటనే స్ఫురిస్తుంది. అది ఇక్కడ సగమే వర్తిస్తుంది. చీమలు పామును అన్నివైపులా పట్టుకోగలవు. డైనీన్‌లకు ఉన్నది ఒకే సన్నని దారి.

ఒక మైక్రోమీటరు వ్యాసం గల గోళాకార ఫాగోసోమ్ సూక్ష్మనాళికను తాకుతూ ఉందనుకొందాం. డైనీన్ చేయి 50 నానోమీటర్ల దూరం చాచగలదనుకొందాం. గోళం అడుగున 50 నానోమీటర్ల ఎత్తు వరకు ఉన్న టోపీ వంటి భాగంలోని డైనీన్‌లకు మాత్రమే దారి అందుతుంది. గోళపు టోపీ వైశాల్యానికీ గోళం మొత్తం వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి, టోపీ ఎత్తుకూ గోళ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి సమానం. కనుక అందుబాటులో ఉన్నది ఇరవయ్యో వంతు. ఉదాహరణకు పొరపై 60 డైనీన్‌లు సమానంగా పరచుకొని ఉంటే దారి అందేవి మూడు. మిగిలిన 57 గాలిలో చేతులు ఊపుతున్నట్లే. నిజానికి దారి ఒక తలం కాదు, సన్నని గీత కాబట్టి మూడు అనడం కూడా ఉదారమైన అంచనాయే. మూడు డైనీన్‌ల బలం సుమారు 3.3 పికోన్యూటన్‌లు. ఎదురుగా ఒక్క కైనెసిన్ ఉన్నా అది నెగ్గుతుంది.

అవే 60 డైనీన్‌లు పన్నెండేసి చొప్పున అయిదు గుంపులుగా చేరాయనుకొందాం. గోళం దొర్లుతూ ఒక గుంపు దారికి ఎదురుగా వచ్చిన క్షణాన పన్నెండు డైనీన్‌లు ఒకేసారి పట్టుకొంటాయి. వాటి మొత్తం బలం 13 పికోన్యూటన్‌ల వరకు ఉంటుంది. పొరపై ఒక్క అణువు కూడా అదనంగా చేరలేదు. మారింది అమరిక మాత్రమే. ఈ అంకెలు వివరణకోసం ఎంచుకొన్నవి గానీ కొలిచినవి కావు. కానీ అవి సూచించే సూత్రం ప్రయోగంలో నిలిచింది.

మల్లిక్ బృందమే 2016లో చూపినదేమంటే, కొత్తగా ఏర్పడిన ఫాగోసోమ్ కణంలో ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. పరిపక్వమైనది ఋణాగ్రం వైపు వేగంగా, నేరుగా సాగుతుంది. పరిపక్వమయ్యేకొద్దీ దాని పొరలో కొలెస్టరాల్ అధికంగా ఉండే చిన్న మడులు ఏర్పడతాయి. డైనీన్‌లు వాటిలో గుమిగూడతాయి. ఆ గుంపులే ఒకే సూక్ష్మనాళికపై ఉమ్మడి బలాన్ని కలిగిస్తాయి. జీర్ణరసాలు గల లైసోసోమ్‌లు కేంద్రకం చెంతనే ఎక్కువగా ఉంటాయి కనుక ఈ ప్రయాణం చివర ఫాగోసోమ్ వాటితో కలవడం, మింగిన సూక్ష్మజీవి నశించడం సాధ్యమవుతాయి.

7. లీష్మానియా దెబ్బతీసే చోటు

ఈ అమరికను చెదరగొట్టగలిగిన జీవికి కణం లోపల ప్రాణం దక్కుతుంది. కాలా అజార్‌ను కలిగించే లీష్మానియా డొనొవాని ఆ పనే చేస్తుంది. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టినప్పుడు ఇది మనిషి శరీరంలోకి చేరుతుంది. ఆ దశలో దాని ఉపరితలం నిండా లైపోఫాస్ఫోగ్లైకాన్ అనే కొవ్వు-చక్కెర అణువులు ఉంటాయి. స్థూలభక్షక కణం దానిని మింగిన తరువాత ఈ అణువులు ఫాగోసోమ్ పొరలోకి చేరతాయి. లైపోఫాస్ఫోగ్లైకాన్ సమక్షంలో డైనీన్ గుంపులు చెదిరిపోతాయని, ఉమ్మడి బలం తగ్గి ఫాగోసోమ్ కదలిక మందగిస్తుందని 2016 నాటి అధ్యయనం నిరూపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లీష్మానియా లైసోసోమ్‌ను శాశ్వతంగా తప్పించుకోదు. తోక గల తొలి రూపం నుంచి, ఆమ్ల వాతావరణాన్ని తట్టుకోగల గుండ్రని రూపానికి మారిన తరువాత అది లైసోసోమ్‌తో కలసిన సంచిలోనే జీవిస్తుంది. దానికి కావలసినది ఆ మార్పుకు తగిన గడువు. డైనీన్ గుంపులను చెదరగొట్టడం ఆ గడువును సంపాదించే మార్గాలలో ఒకటి కావచ్చునన్నది ఈ ఫలితాలనుంచి తీయదగిన సబబైన అర్థం. డైనీన్ అణువును అది చంపడం లేదు, దాని చుట్టూ ఉన్న పొరను మారుస్తోంది. పరీక్షనాళికలో శుద్ధి చేసిన డైనీన్‌ను ఎంత పరిశీలించినా ఈ దెబ్బ కనిపించదు.

8. పెనుగులాట నమూనాకు హద్దులు

పై వివరణ అంతా రెండు పక్షాలు తాడు లాగుతున్నాయన్న నమూనాపై ఆధారపడింది. దానికి కంటికి కనిపించే సాక్ష్యం ఉంది. డిక్టియోస్టీలియం అనే జిగురు అమీబాలో ఎండోసోమ్‌లు దిశ మార్చుకొనే ముందు సాగి పొడవవుతాయని 2009లో సొప్పిన తదితరులు గమనించారు. రెండు కొనలను వ్యతిరేక దిశలలో ఎవరో లాగితే తప్ప సంచి అలా సాగదు. అక్కడ కూడా ఒక బలమైన కైనెసిన్‌కు ఎదురుగా పలు బలహీన డైనీన్‌లు ఉన్నట్లు కొలతలు సూచించాయి.

అయితే తాడు లాగుడే సర్వస్వమైతే, ఒక పక్షాన్ని తొలగించగానే రెండో పక్షం హాయిగా పరుగెత్తాలి. అనేక ప్రయోగాలలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. కైనెసిన్‌ను నిరోధిస్తే డైనీన్ దిశలోని ప్రయాణమూ తగ్గింది. డైనీన్‌ను నిరోధిస్తే కైనెసిన్ దిశ కూడా దెబ్బతిన్నది. రెండు చోదకాలను సరకుకు కలిపే అనుసంధాన ప్రొటీన్‌లు ఒకదానిని మరొకటి మేల్కొలిపేలా పనిచేస్తాయన్నది దీనికి ఒక వివరణ. నా అభిప్రాయంలో ఫాగోసోమ్ వంటి పెద్ద గోళాకార సరకులకు పెనుగులాట నమూనా బాగా సరిపోతుంది. నాడీతంతువులోని చిన్న సంచులకు దానిని యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

రెండో హద్దు 1.1 అన్న అంకెకు సంబంధించినది. ఈస్ట్ డైనీన్ ఒంటరిగానే కైనెసిన్‌తో సమానమైన బలాన్ని చూపుతుంది. క్షీరద డైనీన్‌కు సైతం అంతటి బలాన్ని కొలిచినవారు ఉన్నారు. 2014లో రెండు వేర్వేరు బృందాలు క్షీరద డైనీన్‌కు డైనాక్టిన్ అనే సహాయక సముదాయాన్నీ, బైకాడీ2 అనే అనుసంధాన ప్రొటీన్‌నూ జతచేసి చూశాయి. అప్పటివరకు కొద్ది అడుగులకే ఊడిపోతూ వచ్చిన డైనీన్ చాలా దూరం నిలకడగా నడిచింది. ఈ త్రయం ఆగే బలం 4 పికోన్యూటన్‌లకు చేరువ అని తరువాతి కొలతలు చెప్పాయి. కొన్ని అనుసంధాన ప్రొటీన్‌లు ఒకే డైనాక్టిన్‌పై రెండేసి డైనీన్‌లను కూర్చుతాయని కూడా 2018లో తేలింది.

కాబట్టి కణం లోపల 6 పికోన్యూటన్‌ల బలాన్ని చూసినప్పుడు అక్కడ ఆరు బలహీన డైనీన్‌లు ఉన్నాయా, డైనాక్టిన్ తోడున్న రెండు మూడు డైనీన్‌లు ఉన్నాయా అన్నది బలపు అంకె ఒక్కటే చెప్పలేదు. ఫాగోసోమ్‌పై డైనీన్ జట్టుగా లాగుతుందన్న నిర్ధారణ దీనివల్ల కూలిపోదు. గుంపు పరిమాణంపై వేసిన లెక్క మాత్రం మారుతుంది. దానిని తేల్చాలంటే బలాన్ని కొలిచిన అదే ఫాగోసోమ్‌పై డైనీన్, డైనాక్టిన్ అణువులను విడివిడిగా లెక్కించాలి. కాంతి పటకారు బిగువును కూడా నీటిలో గాక, సాగే గుణం గల ఆ కణద్రవ్యంలోనే సరిచూసుకోవాలి.